గులాబీ రంగు మూత్రం, బీట్‌రూట్ పెరుగుపచ్చడి, మా నాన్న: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి సెలవులకి తెనాలి వెళ్లినప్పుడు మా ఏడేళ్ల బాబుకి జరిగిన సంగతి ఇది. మా పిన్ని ద్వారా చుట్టాలకీ, వాళ్ల ద్వారా మా అపార్ట్‌మెంట్ వాళ్లకీ తెలిసిపోయింది. అప్పటి నుంచి అవే ప్రశ్నలు ఫోన్లో అడుగుతున్నారు. విడివిడిగా చెప్పలేక ఒకేచోట రాస్తున్నాను. అసలు పేరు రాయకూడదని మావాడు షరతు పెట్టాడు కాబట్టి వాణ్ణి బుజ్జి అంటాను. మా నాన్న ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. ఆ సంగతి ఈ కథకి అవసరం.

అసలు ఆ రోజు ఏం జరిగింది?

మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనాలు. అమ్మ బీట్‌రూట్‌ని పచ్చిగా తురిమి, పెరుగులో కలిపి, పోపు పెట్టింది. మామూలుగా కూరగాయ అంటే మూతి ముడిచే బుజ్జి, ఆ గులాబీ రంగు చూసి రెండు గిన్నెలు తిన్నాడు. మేమందరం మురిసిపోయాం.

నాలుగున్నరకి బాత్‌రూమ్‌లోకి వెళ్లినవాడు ఎంతసేపటికీ బయటికి రాలేదు. నేను పిలిస్తే పలకలేదు. నాన్న వెళ్లి తలుపు తట్టారు.

"ఏరా నాన్నా, లోపల ఏం చేస్తున్నావు?"

"తాతయ్యా, నువ్వొక్కడివే రా. అమ్మని పిలవకు."

గడియ తీసి నాన్నని లోపలికి రానిచ్చి మళ్లీ వేసుకున్నాడు. నేను తలుపు దగ్గరే నిలబడి విన్నాను, అందులో దాచడానికేం లేదు.

"రక్తం వస్తోంది తాతయ్యా. పాస్‌లో రక్తం వస్తోంది. నేను చచ్చిపోతానా?"

నాన్న నవ్వలేదు. ఆ క్షణంలో నవ్వి ఉంటే వాడు ఇంకెప్పుడూ ఆయనకి ఏదీ చెప్పేవాడు కాదని నాకనిపిస్తుంది. "పోసేటప్పుడు నొప్పి పుట్టిందా? మంటగా ఉందా?" అని అడిగారు. లేదన్నాడు. "కమోడ్‌లో చూడు, దీని రంగు ఏ రంగులా ఉంది? దెబ్బ తగిలినప్పుడు మోకాలి మీద వచ్చే రక్తం రంగులా ఉందా, ఇంకేదైనా రంగులా ఉందా?"

చాలాసేపు ఆలోచించి, "మధ్యాహ్నం పెరుగన్నం రంగులా ఉంది" అన్నాడు.

"మరి ఆ పెరుగుపచ్చడి ఎవరు తిన్నారు?"

లోపల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ముక్కు చీదిన శబ్దం. అక్కడితో అయిపోతే ఇది నవ్వుకునే కథే. కానీ వెంటనే బుజ్జి ఇంకో మాట చెప్పాడు. "నేను పొద్దున కాలువ గట్టు మీద సైకిల్ మీంచి పడ్డాను. హ్యాండిల్ కడుపులో గుచ్చుకుంది. అమ్మకి చెప్పలేదు."

వాడి భయమంతా అందుకే. దాచిన తప్పుకి శిక్ష పడిందనుకున్నాడు.

పడ్డాడని తెలిశాక కూడా మీ నాన్న బీట్‌రూటే అని ధైర్యంగా ఎలా చెప్పారు?

చెప్పలేదు. నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకున్నదీ ఇదే. అప్పటిదాకా ఆయన గొంతు కాస్త తేలిగ్గా ఉంది. సైకిల్ మాట విన్నాక మారింది. బుజ్జిని బయటికి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టి, చొక్కా ఎత్తి చూశారు. బొడ్డు పక్కన రూపాయి బిళ్లంత ఎర్రటి గీత ఉంది. పొట్టంతా మెల్లగా నొక్కారు, నడుముకి రెండు వైపులా పక్కటెముకల కింద చేయి పెట్టి చూశారు. ఎక్కడా నొప్పి అనలేదు. పొట్ట మెత్తగానే ఉంది. పడ్డాక గంటన్నర గాలిపటం ఎగరేశాడు, భోజనం బాగా తిన్నాడు, వాంతి లేదు.

అప్పుడు నాకు వేరేగా పిలిచి చెప్పారు. "బీట్‌రూట్ తిన్నాడు కాబట్టి రక్తం లేదని ఎవరు చెప్పారమ్మా? రెండూ ఒకేరోజు జరగొచ్చు. బీట్‌రూట్ రంగు కింద రక్తం దాక్కుంటే మన కంటికి తెలీదు." హ్యాండిల్ కడుపులో పొడుచుకోవడం పిల్లల్లో మామూలుగా కొట్టిపారేసే దెబ్బ కాదు. కిడ్నీకి గాని, లోపల ఇంకే అవయవానికి గాని గాయమైతే పైకి చిన్న గీతే కనిపిస్తుంది. ఆ పొద్దున మావాడికి నొప్పి గాని, వాంతి గాని, ముఖం పాలిపోవడం గాని ఉండి ఉంటే ఈ సీసాలూ స్ట్రిప్‌లూ ఏవీ లేకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లేవాళ్లమని ఆయన స్పష్టంగా చెప్పారు.

బుజ్జి ముందు మాత్రం ఒక్కటే అన్నారు: "ఇది బీట్‌రూట్ రంగని నాకు తొంభై పాళ్లు అనిపిస్తోంది. మిగతా పది పాళ్లకి మనిద్దరం పరీక్ష చేద్దాం. నువ్వు నా అసిస్టెంట్‌వి." ఏడుపు అక్కడ ఆగింది. "ఏం కాదులే" అన్నప్పుడు ఆగలేదు, పని అప్పజెప్పాక ఆగింది.

ఇంట్లో ఏం పరీక్ష చేశారు?

మొదటి పని, ఫ్లష్ చేయొద్దన్నారు. అప్పటికే బుజ్జి చేసేశాడు. మీ ఇంట్లో ఇలా జరిగితే కనీసం ఫోన్‌తో ఫొటో తీసుకోండి, డాక్టర్‌కి పనికొస్తుంది.

రెండు గ్లాసుల నీళ్లు తాగించి, కడిగి ఆరబెట్టిన పాత జామ్ సీసా చేతికిచ్చారు. ఆరు గంటలకి సీసా నిండింది. లేత గులాబీ. దాన్ని కిటికీలో కదపకుండా పెట్టి, పక్కన నీళ్లలో కొంచెం బీట్‌రూట్ రసం కలిపిన ఇంకో సీసా పెట్టారు. గంట తర్వాత చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. పైనుంచి కింది దాకా ఒకటే రంగు, అడుగున ఏమీ పేరుకోలేదు. రక్తకణాలు బరువు కాబట్టి కదపకుండా ఉంచితే మెల్లగా అడుగుకి దిగుతాయి, పైన తేటపడుతుంది. బీట్‌రూట్ రంగు నీళ్లలో కరిగిపోయిన రంగు, అది దిగదు.

అయితే ఈ సీసా పరీక్షని నమ్ముకుని కూర్చోవద్దని నాన్న గట్టిగా చెబుతారు. రక్తం చాలా కొద్దిగా ఉంటే అడుగున కనిపించదు. మూత్రం బాగా పల్చగా ఉంటే కణాలు పగిలి రంగు నీళ్లలో కలిసిపోతుంది, అప్పుడు అదీ దిగదు. మా సీసా బుజ్జిని గంటసేపు కిటికీ దగ్గర కూర్చోబెట్టడానికి బాగా పనికొచ్చింది.

అసలు జవాబు స్ట్రిప్‌తో వచ్చింది. నాన్న మెడికల్ షాపుకి వెళ్లి యూరిన్ స్ట్రిప్‌లు అడిగితే మొదట ఇచ్చింది చక్కెర, ప్రోటీన్ మాత్రమే చూసే రకం. అందులో రక్తం తెలీదు. సీసా మీద రంగుల పట్టిక తిప్పి చూసి, 'బ్లడ్' అనే గడి ఉన్న రకం అడిగి తెచ్చారు. స్ట్రిప్‌ని మూత్రంలో ముంచి వెంటనే తీసి, అంచుని కాగితానికి ఆనించి, పట్టికలో చెప్పిన సమయానికి చూడాలి. మా దానికి అరవై సెకన్లు. సెకన్లు లెక్కపెట్టే డ్యూటీ బుజ్జిది. రక్తం ఉంటే ఆ పసుపు గడి ఆకుపచ్చకి తిరుగుతుంది, ఎక్కువుంటే ముదురు నీలం దాకా పోతుంది. మా గడి పసుపుగానే ఉండిపోయింది. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆ గడి స్పందిస్తుంది, బీట్‌రూట్ రంగుకి ఆ గుణం లేదు.

దీనికీ ఒక లోపం ఉంది. విటమిన్ సి మాత్రలు ఎక్కువగా వేసుకునేవాళ్లలో రక్తం ఉన్నా గడి మారకపోవచ్చు. బుజ్జి అవేవీ వేసుకోడు.

స్ట్రిప్ చూశాక కూడా ల్యాబ్‌కి ఎందుకు తీసుకెళ్లారు?

సైకిల్ వల్ల. బీట్‌రూట్ ఒక్కటే అయితే వెళ్లేవాళ్లం కాదు. మర్నాడు పొద్దున సి.యు.ఇ., అంటే కంప్లీట్ యూరిన్ పరీక్ష చేయించాం. మూత్రాన్ని మిషన్‌లో గిర్రున తిప్పి, అడుగున మిగిలింది మైక్రోస్కోప్ కింద చూస్తారు. రిపోర్టులో ఆర్‌బీసీ, అంటే ఎర్ర రక్తకణాల దగ్గర 'నిల్' అని ఉంది. అప్పటికి రంగు కూడా మామూలుగా లేత పసుపుకి వచ్చేసింది. ఆ కాగితాన్ని బుజ్జి మడతపెట్టి తన పెన్సిల్ డబ్బాలో దాచుకున్నాడు.

బీట్‌రూట్ రంగు అసలు మూత్రంలోకి ఎలా వస్తుంది?

బుజ్జి కూడా ఇదే అడిగాడు. బీట్‌రూట్‌కి ఎరుపు ఇచ్చే పదార్థం పేరు బీటానిన్. చాలామందిలో అది పొట్టలోని ఆమ్లానికీ, పేగుల్లోని బ్యాక్టీరియాకీ చిక్కి విరిగిపోయి రంగు పోగొట్టుకుంటుంది. కొందరిలో విరగకుండా మిగిలిన భాగం పేగుల గోడ దాటి రక్తంలోకి వెళ్తుంది. శరీరానికి దానితో పనిలేదు కాబట్టి కిడ్నీలు వడగట్టి బయటికి పంపేస్తాయి. దీన్ని డాక్టర్లు బీటూరియా అంటారు. జబ్బు కాదు, మందు లేదు.

నాన్న వాడికి చెప్పిన తీరు వేరు. "అమ్మమ్మ పట్టుచీర ఉతికితే రంగు నీళ్లలోకి దిగుతుంది చూశావా? బీట్‌రూట్ నీ కడుపులో అలా రంగు దిగింది. నీ కిడ్నీలు ఆ నీళ్లు పారబోశాయి." బుజ్జి వెంటనే "అయితే నా కిడ్నీలు బాగా పనిచేస్తున్నట్టేగా" అన్నాడు.

అందరూ తిన్నారు కదా, వాడికొక్కడికే ఎందుకు?

ఆ రోజు మేం ఐదుగురం తిన్నాం, రంగు వాడికే వచ్చింది. 1963లో బ్రిటన్‌లో వచ్చిన ఒక అధ్యయనం నుంచి, నూటికి పది నుంచి పద్నాలుగు మందికి ఇలా అవుతుందన్న లెక్క చెప్పుకుంటారు. అయితే ఒకే మనిషికి ఒకరోజు వచ్చి ఇంకోరోజు రాకపోవచ్చు. ఎంత తిన్నారు, పచ్చిదా వండిందా, ఖాళీ కడుపా, ఎంత నీళ్లు తాగారు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

రక్తహీనత ఉన్నవాళ్లకే ఇలా అవుతుందని విన్నాం. నిజమేనా?

సగం నిజం. పేగుల్లోని ఇనుము బీటానిన్ రంగుని పోగొట్టగలదు. ఒంట్లో ఇనుము తక్కువున్నవాళ్లలో బీటూరియా ఎక్కువగా కనిపిస్తుందని పాత అధ్యయనాలు చెప్పాయి, తర్వాతి వాళ్లందరూ దాన్ని ఒప్పుకోలేదు. కాబట్టి గులాబీ మూత్రం చూసి రక్తహీనత అని తేల్చేయకూడదు, టానిక్ సీసా కొని తాగించకూడదు.

కానీ పిల్లాడు పాలిపోయి ఉండి, మెట్లెక్కితే ఆయాసపడుతూ, బలపాలో మట్టో సుద్దో తింటుంటే మాత్రం బీట్‌రూట్‌తో సంబంధం లేకుండా హిమోగ్లోబిన్ చూపించండి. ఐదు నుంచి పదకొండేళ్ల పిల్లల్లో 11.5 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత కింద లెక్క. మేం ల్యాబ్‌కి వెళ్లాం కదా అని అదీ చూపించాం. బుజ్జికి 12.4 వచ్చింది. ఇనుము బాగానే ఉన్నవాడికీ రంగు రావచ్చని అలా మా ఇంట్లోనే తెలిసింది.

ఇక బీట్‌రూట్ ఎర్రగా ఉంది కాబట్టి తింటే రక్తం పడుతుందనే మాట మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ ఎరుపు బీటానిన్‌ది, ఇనుముది కాదు. బీట్‌రూట్‌లో ఇనుము పెద్దగా ఉండదు. అమ్మతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు, కాబట్టి ఇక్కడ రాసి ఊరుకుంటున్నాను.

ఆ సున్నం ఆట గురించి విన్నాం, అదేమిటి?

ఆ రాత్రి బుజ్జి ఇంకా అనుమానంగానే ఉన్నాడు. "రంగు అంటే రక్తం కూడా రంగేగా" అన్నాడు. నాన్న, మా అమ్మ తమలపాకుల పళ్లెం తెప్పించి, కొద్దిగా సున్నం నీళ్లలో కలిపి పేరుకోనిచ్చి, పైన తేటని రెండు గిన్నెల్లో పోశారు. ఒక గిన్నెలో చిటికెడు పసుపు వేస్తే ఎర్రబడింది. పారాణి కలిపేటప్పుడు చూసిందే కాబట్టి వాడికి వింత కాదు. రెండో గిన్నెలో రెండు చుక్కల బీట్‌రూట్ రసం వేశారు. గులాబీ కాస్తా చూస్తుండగా మారి పసుపుగా తేలింది.

"అది పసుపు ఎరుపైంది, ఇది ఎరుపు పసుపైంది!" అని కేక.

ఘాటైన క్షారంలో బీటానిన్ విరిగిపోతుంది, విరిగిన ముక్క పసుపు రంగులో ఉంటుంది. రక్తం అలా పసుపు కాదు. బుజ్జికి రంగుకీ రక్తానికీ తేడా ఉందని కళ్లారా కనిపించింది. ఇది ఆట మాత్రమే, మూత్రంలో రక్తం ఉందో లేదో తేల్చే పరీక్ష కాదు. సున్నం పిల్లల చేతికి ఇవ్వకండి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మా ఇంట్లో గిన్నెలు ముట్టుకున్నది నాన్న ఒక్కరే.

ఎంతసేపటికి వస్తుంది, ఎంతకాలం ఉంటుంది?

మావాడికి తిన్న మూడున్నర గంటలకి కనిపించి, మర్నాటి పొద్దునకి పోయింది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా పోవాలి. మలం కూడా ఎర్రగా రావచ్చు, అది ఇంకాస్త ఆలస్యంగా వస్తుంది. మాకు అది రెండోరోజు వచ్చింది. ముందే చెప్పి ఉంచడం వల్ల బుజ్జి ఈసారి తలుపు తీసి పెట్టి మరీ పిలిచాడు.

బీట్‌రూట్ తిని రెండు రోజులు దాటాక కూడా రంగు ఉంటే, దాన్ని బీట్‌రూట్ ఖాతాలో వేయకండి.

ఇంకేవైనా తింటే ఇలా అవుతుందా?

ఎర్ర గుజ్జు ఉన్న డ్రాగన్ ఫ్రూట్ తిన్నా అవుతుంది, అదీ ఇదే జాతి రంగు. నాగజెముడు పళ్లు కూడా అంతే. చిన్నప్పుడు పొలం గట్ల మీద ముళ్లు రాల్చుకుని ఆ పళ్లు తిని, ఎర్రగా పోసి, ఇంట్లో చెప్పకుండా రెండు రోజులు వణికిపోయానని నాన్న ఆ రాత్రే బుజ్జికి చెప్పారు. నేనూ అప్పుడే మొదటిసారి విన్నాను.

టీబీకి వాడే రిఫాంపిసిన్ మూత్రాన్ని నారింజ ఎరుపులోకి మారుస్తుంది, కన్నీళ్లూ చెమటా కూడా ఆ రంగులోకి తిరుగుతాయి. ఆసుపత్రిలో ముందు చెప్పకపోతే రోగులు భయపడి మందు మానేసేవాళ్లట. మానకూడదు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

బీట్‌రూట్ లాంటిదేదీ తినకుండానే ఎరుపు వస్తే, ఒక్కసారి వచ్చినా వెళ్లాలి. తిన్నా సరే, కడుపులోనో నడుముకో దెబ్బ తగిలి ఉంటే వెళ్లాలి. మంట, జ్వరం, నడుం నొప్పి, రక్తపు గడ్డలు ఉంటే ఆగొద్దు.

ఒకటి మాత్రం ప్రత్యేకంగా చెప్పమన్నారు నాన్న. గొంతునొప్పి వచ్చిన ఒకటి నుంచి మూడు వారాలకో, ఒంటి మీద కురుపులు వచ్చిన మూడు నుంచి ఆరు వారాలకో పిల్లల మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారి, పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బి కనిపిస్తే అది కిడ్నీల వాపు కావచ్చు. బీపీ పెరుగుతుంది. ఆయన ల్యాబ్‌లో ఉన్న రోజుల్లో అలాంటి పిల్లల్ని తల్లులు "ఏదో తిన్నాడు, రంగు మారింది" అంటూ ఆలస్యంగా తెచ్చేవాళ్లట. బీట్‌రూట్ గులాబీగా ఉంటుంది, డికాక్షన్ రంగు రాదు.

బుజ్జి మళ్లీ బీట్‌రూట్ తిన్నాడా?

వారం తర్వాత తనే అడిగాడు, ప్రయోగానికి. మొదటిరోజు బాగా ఉడికించిన బీట్‌రూట్ పులుసుకూర తిన్నాడు, రంగు రాలేదు. ఉడికేటప్పుడు బీటానిన్ కొంత విరిగిపోతుంది, కొంత పారబోసే నీళ్లలోకి పోతుంది. మూడోరోజు పచ్చి తురుము తిన్నాడు, నాలుగు గంటలకి లేత గులాబీ. తారీఖులు వేసి పెన్సిల్ డబ్బాలోని ఆ రిపోర్టు వెనకే రాసుకున్నాడు. స్కూలున్న రోజుల్లో మాత్రం పెట్టొద్దట, అక్కడి బాత్‌రూమ్‌లో ఎవరైనా చూస్తే ఇంత కథ చెప్పాల్సి వస్తుందని.

సైకిల్ ముందు బ్రేక్ తెగిపోయి ఉందని కూడా ఆ రాత్రే బయటపడింది. పడింది అందుకేనట. మర్నాడు ల్యాబ్ నుంచి వస్తూ నాన్న దాన్ని షాపులో వేసి వచ్చారు.